చికెన్ వేపుడుకి పొడిపిండా, ముద్దపిండా: ఏది మేలు?

“ముక్కలు మూకుట్లో వేయగానే పిండంతా ఊడి నూనెలో తేలుతోంది, ఏ పిండి వాడమంటారు?” నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మైదా అనో కార్న్‌ఫ్లోర్ అనో ఒక్క మాటలో చెప్పేయొచ్చు గానీ, దాంతో ఊడేది ఆగదు. పిండి ఏదన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది, ముక్కకి ఆ పిండిని ఎలా పట్టిస్తున్నామన్నది.

ఇళ్లలో ప్రధానంగా రెండు పద్ధతులు నడుస్తున్నాయి. ఒకటి మన చికెన్ పకోడీ, చికెన్ 65 బండ్ల దగ్గర కనిపించేది. మసాలా పట్టిన ముక్కల్లోనే శనగపిండో, మైదానో, కార్న్‌ఫ్లోరో చల్లి, చేత్తో ముద్దగా కలిపి నూనెలో వదులుతారు. దీన్ని ముద్దపిండి అందాం. రెండోది అమెరికా దక్షిణాది రాష్ట్రాల వంట. మజ్జిగలో నానిన ముక్కని తీసి, పొడి మైదాలో దొర్లించి వేయిస్తారు. కేఎఫ్‌సీ 1995లో బెంగళూరులో దుకాణం తెరిచాక మన పిల్లలకి ‘క్రిస్పీ చికెన్’ అంటే ఇదే అయిపోయింది. అన్నట్టు, వాళ్లు కొన్ని రకాల ఎముక ముక్కల్ని ప్రత్యేకమైన ప్రెషర్ ఫ్రైయర్లలో వేయిస్తారు. అది చూసి ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌లో నూనె పోసి మూత పెట్టే పని మాత్రం చేయకండి. మన కుక్కర్లు నీటి ఆవిరి కోసం చేసినవి, మరిగే నూనె కోసం కాదు.

ఈ రెండింటి మధ్య అసలు తేడా రుచిలో లేదు, తడిలో ఉంది. ఒకదానికి పిండి పట్టించాక ఆగాలి, ఇంకోదానికి అస్సలు ఆగకూడదు. ఊడిపోయే పిండిలో చాలావరకు ఈ రెండింటినీ తారుమారు చేయడం వల్లే ఊడుతుంది.

ముందు పొడిపిండి సంగతి. తడి ముక్కని పిండిలో దొర్లించి తీయగానే చూడండి, పైన తెల్లగా దుమ్ములా ఉంటుంది. లోపల ముక్కకి తగిలిన పొర తడిసింది, పైన ఉన్నది ఇంకా పొడిగానే ఉంది. అలాగే నూనెలో వేస్తే ముక్కలోంచి వచ్చే ఆవిరి ఆ రెండు పొరల మధ్య దూరుతుంది. పైపొర గట్టిపడి పెంకులా అవుతుంది కానీ కిందిదానికి అంటుకోదు. కొరకగానే పెంకంతా చొక్కా విప్పినట్టు ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. అదే ముక్కని జాలీ మీద 15-20 నిమిషాలు వదిలేస్తే, మజ్జిగలోని తడి నెమ్మదిగా పిండిలోకి ఎక్కుతుంది. తెల్లటి దుమ్ము పోయి, పిండి లేత గోధుమరంగులోకి తిరిగి, వేలితో తాకితే బంకగా తగులుతుంది. మైదాలో ఉండే గ్లూటెన్ తడిసి జిగురుగా పట్టుకుంటుంది. నూనెలో పడ్డాక గుడ్డు, మజ్జిగ, మైదా అన్నీ కలిసి ముక్క మీదే గట్టిపడతాయి. నా మటుకు నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ పావుగంటే. మసాలాల జాబితా మార్చి మార్చి చూసేవాళ్లు ఈ ఒక్క అడుగు వేస్తే చాలు. పావుగంట తర్వాత కూడా అక్కడక్కడా తెల్ల మచ్చలుంటే అక్కడ మజ్జిగ చుక్క తడిపి పిండి అద్దాలి. ముక్క చెమర్చినట్టు మరీ తడిగా కనిపిస్తే పైన పలుచగా ఇంకోసారి పిండి చల్లాలి.

ముద్దపిండి దీనికి పూర్తిగా ఎదురు. చికెన్‌లో ఉప్పు పడ్డాక అది నీరు వదులుతూనే ఉంటుంది. ముక్కల్లో పిండి కలిపేసి, “బాగా పడుతుంది కదా” అని గంట పక్కన పెడితే గిన్నె అడుగున నీళ్లూరి, గట్టిగా కలిపిన ముద్ద జారుగా అయిపోతుంది. ఆ జారుపిండి నూనెలో పడగానే పాయలు పాయలుగా విడిపోతుంది. కాబట్టి ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి ఎంతసేపైనా నాననివ్వండి. పిండి మాత్రం మూకుట్లో నూనె కాగుతుండగా కలపాలి. అరకిలో చిన్న ముక్కలకి ఒక గుడ్డు, మూడు టేబుల్ స్పూన్ల శనగపిండి, రెండు బియ్యప్పిండి, రెండు కార్న్‌ఫ్లోర్ సరిపోతాయి. నీళ్లు వేయొద్దు, ముక్కల్లో ఊరిన తడే చాలు. ముక్కని పైకెత్తితే పిండి కారకుండా, అలాగని ఎండి పగలకుండా పట్టుకుని ఉండాలి.

ఇప్పుడు పిండి మాట. మైదా పట్టుకుంటుంది, బంగారు రంగు తెస్తుంది, కానీ ఒక్కటే వాడితే చల్లారాక సాగుతుంది. కార్న్‌ఫ్లోర్ ఉత్త గంజిపిండి. కరకర ఇస్తుంది, రంగు రాదు, గ్లూటెన్ లేదు కనక ఒక్కటే వేస్తే జారిపోతుంది. బియ్యప్పిండి కరకరని ఎక్కువసేపు నిలుపుతుంది, ఎక్కువైతే పంటికింద ఇసుకలా తగులుతుంది. అందుకే పొడిపిండికి నేను నాలుగు వంతులు మైదా, ఒక వంతు కార్న్‌ఫ్లోర్, ఒక వంతు బియ్యప్పిండి కలుపుతాను. శనగపిండి రుచి గొప్పదే గానీ త్వరగా ముదురు రంగు తిరుగుతుంది. ఐదు నిమిషాల్లో ఉడికే పకోడీ ముక్కకి బాగుంటుంది, పన్నెండు నిమిషాలు నూనెలో ఉండాల్సిన లెగ్ పీసుకి పనికిరాదు.

కారప్పొడికీ ఇదే లెక్క. పొడిపిండిలో కారం, గరం మసాలా దండిగా కలిపితే ముక్క ఉడికేలోపు అవి మాడి చేదెక్కుతాయి. పొడిపిండి పద్ధతిలో కారం, ధనియాలపొడి, అల్లంవెల్లుల్లి అన్నీ మజ్జిగలోనే వేయండి, పిండిలో ఉప్పూ మిరియాలపొడీ చాలు. పిండిలో ఉప్పు మర్చిపోతే మాత్రం పెంకు చప్పగా ఉండి, లోపల ఎంత రుచి ఉన్నా తెలియదు.

ఇక నూనె. రిఫైన్డ్ వేరుశనగ, పొద్దుతిరుగుడు, రైస్ బ్రాన్ ఏదైనా పర్వాలేదు. గానుగ నూనె మాత్రం తక్కువ వేడికే పొగ వస్తుంది, దీనికి వద్దు. అందరూ అడిగేది “నూనె ఎంత కాగాలి” అని. అంతకంటే ముఖ్యం, ముక్కలు వేశాక ఎంతకి దిగుతుందన్నది. 175 డిగ్రీల నూనెలో చల్లటి చికెన్ నాలుగు ముక్కలు వేస్తే నిమిషంలో 150 దగ్గరికి వచ్చేస్తుంది. ఎనిమిది ముక్కలు కుక్కితే 130కి కూడా పడిపోవచ్చు. అక్కడ పెంకు గట్టిపడదు, మెత్తగా నానుతూ నూనె పీల్చి, గరిటె తగలగానే ఊడుతుంది. వంటల థర్మామీటర్ ఉంటే పనంతా తేలిక. లేకపోతే చిటికెడు తడిపిండిని ఉండగా చేసి నూనెలో వేసి చూడండి. అడుక్కి వెళ్లి అక్కడే కూర్చుంటే నూనె చల్లగా ఉంది. కొంచెం మునిగి వెంటనే బుసబుస నురగతో పైకొస్తే వేయొచ్చు. వేసీ వేయగానే రంగు తిరిగితే మంట తగ్గించాలి.

కిలో లెగ్ పీసులతో పొడిపిండి పద్ధతి చూద్దాం. ఎనిమిది నుంచి పది ముక్కలొస్తాయి. చికెన్ షాపులో అడిగితే తోలు తీయకుండా ఇస్తారు, తోలు లేకపోయినా ఇబ్బంది లేదు. ముక్కకి రెండేసి గాట్లు పెట్టి, కప్పు పెరుగులో పావు కప్పు నీళ్లు చిలికి, గుడ్డు, రెండు టీ స్పూన్ల ఉప్పు, రెండు కారం, ఒక టేబుల్ స్పూన్ అల్లంవెల్లుల్లి ముద్ద వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. 200 గ్రాముల మైదా, 50 కార్న్‌ఫ్లోర్, 50 బియ్యప్పిండి, అర టీ స్పూన్ ఉప్పు, ఒకటి మిరియాలపొడి, ఒకటి బేకింగ్ పౌడర్ వెడల్పాటి పళ్లెంలో కలపండి. నానిన మజ్జిగ రెండు స్పూన్లు ఆ పిండిలో చిలకరించి వేళ్లతో నలిపితే చిన్న చిన్న రవ్వలు కడతాయి. దుకాణాల ముక్క మీద కనిపించే గరుకు పొరలు వాటివల్లే వస్తాయి. ముక్కని మజ్జిగలోంచి తీసి, కారేదంతా కారనిచ్చి, పిండిలో వేసి అరచేత్తో గట్టిగా నొక్కి, జాలీ మీద పెట్టండి. పావుగంట ఆగండి.

మూకుట్లో లీటరు పైన నూనె పోసి 175కి కాచి, నాలుగు ముక్కలు వేయండి. మొదటి రెండు నిమిషాలు గరిటె ముట్టుకోవద్దు, పిండి కుదురుకునేది అప్పుడే. తర్వాత తిప్పుతూ, మంట సర్దుతూ నూనెని 155-160 మధ్య ఉంచితే పన్నెండు నుంచి పద్నాలుగు నిమిషాల్లో అవుతుంది. మొదట గట్టిగా వచ్చే బుడగలు తగ్గి, చప్పుడు నెమ్మదించడం ఒక గుర్తు. ఎముక పక్కన థర్మామీటర్ గుచ్చితే కనీసం 74 డిగ్రీలు చూపాలి. లెగ్ పీసు 80 దాటితేనే ఇంకా మెత్తగా విడివడుతుంది. ఎముక దగ్గర ఎరుపు కనిపించగానే పచ్చిగా ఉందని కంగారు పడొద్దు. లేత బాయిలర్ కోళ్లలో మూలుగ రంగు దిగి, ఉడికినా అలాగే కనిపిస్తుంది. థర్మామీటర్ లేనివాళ్లు గుచ్చి చూస్తే కారే నీరు తేటగా ఉండాలి. రెండో వాయి వేసే ముందు నూనె మళ్లీ 175కి వచ్చేదాకా ఓపిక పట్టాలి.

తీసిన ముక్కల్ని మళ్లీ జాలీ మీదే పెట్టండి. పేపర్ పరిచి ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది ముక్క తన ఆవిరిలోనే మెత్తబడుతుంది. న్యూస్‌పేపర్ అసలే వద్దు, సిరాలో ఉండే పదార్థాల వల్ల దానిమీద తిండి పెట్టొద్దని ఆహార భద్రతా సంస్థ కూడా చెప్పింది.

మరి ఏది మేలు? ఎముక ఉన్న పెద్ద ముక్కయితే నేను పొడిపిండి వైపే. పెంకు మందంగా వస్తుంది, బల్ల మీద అరగంట ఉన్నా కరకరలాడుతుంది, కింద మాంసం నీరు పోకుండా ఉంటుంది. వంటగది గట్టంతా పిండి రాలుతుంది, ముందురోజే తలపెట్టాలి, నూనె ఎక్కువ కావాలి. ఇవన్నీ నిజమే, అయినా ఆ పెంకు ముద్దపిండితో రాదు. ముద్దపిండితో లెగ్ పీసు చేస్తే పైన మాడి లోపల ఎముక దగ్గర పచ్చిగా మిగలడమే ఎక్కువ.

బోన్‌లెస్ చిన్న ముక్కలూ, సాయంత్రం అనుకోకుండా వచ్చిన చుట్టాలూ అయితే ముద్దపిండే. ఒక్క గిన్నె, ఆగే పని లేదు, 175 దగ్గర ఐదు నిమిషాలు. ఇది త్వరగా మెత్తబడుతుంది కాబట్టి రెండుసార్లు వేయించండి. మొదటిసారి లేత రంగు రాగానే తీసి, ఐదు నిమిషాలు గాలికి వదిలి, 185-190 డిగ్రీల నూనెలో ఒక నిమిషం మళ్లీ వేయండి. చివర్లో ఆ నూనెలోనే పచ్చిమిర్చి, కరివేపాకు వేసి తీసి పైన చల్లితే సరి.

బ్రెడ్ పొడి కట్లెట్లకి బాగుంటుంది, ఎముక ముక్కకి త్వరగా నల్లబడుతుంది. కార్న్‌ఫ్లేక్స్ నలిపి అద్దేవాళ్లూ ఉన్నారు, పిల్లలకి నచ్చుతుంది, అంతే. ఎయిర్ ఫ్రైయర్‌లో పొడిపిండి పెడితే తడవని చోట తెల్లగానే మిగులుతుంది, నూనె బాగా స్ప్రే చేయాల్సిందే. నిన్నటి ముక్కలు మళ్లీ కరకరలాడించడానికి మాత్రం అది మైక్రోవేవ్ కన్నా ఎంతో నయం, 180లో ఐదారు నిమిషాలు చాలు.