‘ఆటలతో ఇంగ్లిష్ మాట్లాడండి’: ఏడాదికి పైగా వాడాక ఆ 80 అక్షరాల హామీపై సమీక్ష

పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే ఒక ఆటను మా ఇంట్లో ఏడాదికి పైగా, మొదట ఫోన్‌లోనూ తరువాత ఐప్యాడ్‌లోనూ వాడుతున్నాం. ఆటలోని బొమ్మల గురించి, పాటల గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక ఈ సమీక్షను నేను మరో చోటికి పరిమితం చేస్తున్నాను. ఆ ఆటను ఇన్‌స్టాల్ చేసుకోవాలా వద్దా అని తల్లిదండ్రులు నిర్ణయించుకునేది స్టోర్‌లో కనిపించే రెండు చిన్న రచనలను చూసి. మొదటిది గూగుల్ ప్లేలో యాప్ పేజీ తెరవగానే కనిపించే సంక్షిప్త వివరణ, రెండవది యాపిల్ యాప్ స్టోర్‌లో పూర్తి వివరణకు పైన ఉండే ప్రచార వాక్యం. ఆ రెండింటిలో ఏ మాట ఇంతకాలం వాడాక కూడా నిలబడింది, ఏది నిలబడలేదు అన్నదే ఇక్కడి విషయం.

మేము ఇన్‌స్టాల్ చేసిన నాడు ఫోన్‌లో ఉన్న సంక్షిప్త వివరణ ఇది:

ఆటలతో ఇంగ్లిష్ మాట్లాడండి! రోజుకు 10 నిమిషాలు చాలు. ప్రకటనలు లేవు.

చూడడానికి చిన్నదిగా ఉన్నా, రాసినవారికి ఇంతకంటే పెద్ద స్థలం లేదన్నది గమనించాలి. గూగుల్ ప్లే సంక్షిప్త వివరణకు 80 క్యారెక్టర్లు మాత్రమే ఇస్తుంది; ఇంకా ఏం చెప్పుకోవాలన్నా 4,000 క్యారెక్టర్ల పూర్తి వివరణలోకి వెళ్లాలి, దాన్ని ఎంతమంది తెరిచి చదువుతారో మనకు తెలిసిందే. పైగా తెలుగులో గుణింతపు గుర్తూ, వత్తుకు ముందు వచ్చే పొల్లూ కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘పిల్లలు’ అన్నది మన కంటికి మూడక్షరాలే అయినా ఆ లెక్కలో ఏడు. పైన ఉన్న మూడు వాక్యాలు కలిసి 66 అవుతాయి, అంటే మరో చిన్న మాటకు మాత్రమే చోటు మిగిలింది. అంత ఇరుకులో ఏ మూడు సంగతులను ఎంచుకున్నారు, వేటిని వదిలేశారు అన్నదాన్ని బట్టి తయారీదారు దేన్ని ముఖ్యమనుకున్నారో తెలుస్తుంది.

‘మాట్లాడండి’ అన్న మొదటి మాటే ఎక్కువ కాలం పరీక్షకు నిలవాల్సిన మాట, నా అనుభవంలో నిలవనిది కూడా అదే. జంతువుల పాఠాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. మొదట ఒక్కొక్క జంతువు బొమ్మా కనిపించి దాని పేరు రెండుసార్లు వినిపిస్తుంది. తరువాత తెర మీద నాలుగు బొమ్మలు వస్తాయి, ‘రాబిట్’ అని గొంతు పలుకుతుంది, పిల్లలు కుందేలును తాకాలి. తప్పు బొమ్మను తాకితే అది మసకబారి పక్కకు తప్పుకుంటుంది, మిగిలిన మూడింటిలో మళ్లీ వెతకవచ్చు. మొదటిసారే సరిగా తాకినా, మూడు తప్పుల తరువాత మిగిలిన ఒక్కదాన్నే తాకినా దక్కే నక్షత్రం ఒక్కటే. కొన్ని వారాలు పక్కన కూర్చుని గమనిస్తే మా అమ్మాయి వినడం మానేసి వరుసగా తాకుతూ పోతున్న సందర్భాలు స్పష్టంగా కనిపించాయి, అయినా పాఠం పూర్తయినట్టే నమోదయ్యేది.

ఇది కేవలం ఊహించి తాకడమేనా, లేక నిజంగా నేర్చుకుంటోందా అని తేల్చుకోవడానికి రెండు తేలికైన పరీక్షలు పనికివచ్చాయి. మొదటిది, ఆట పక్కన పెట్టి వేరే పుస్తకంలోని కుందేలు బొమ్మ చూపడం. ఆటలోని కుందేలు ఎప్పుడూ ఒకే గీతతో, ఒకే రంగులో ఉంటుంది కనుక పిల్లలు ఆ ఒక్క బొమ్మకు ఆ శబ్దాన్ని జతచేసుకుని ఉండవచ్చు. వేరే బొమ్మను కూడా గుర్తుపడితేనే ఆ పదం వారిదైనట్టు. రెండవది, బొమ్మను చూపి దీన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారని అడగడం. మొదటి పరీక్షలో మా అమ్మాయి దాదాపు అన్ని పదాలనూ దాటింది, అది ఆటకు నిజంగా దక్కాల్సిన మెప్పు. రెండవ పరీక్షలో మాత్రం, ఆట పూర్తిగా వచ్చినట్టు చూపిన పాఠంలోనే, సగం పదాలు నోటికి రాలేదు. విని గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకుని పలకడం వేరు. ఏ భాష నేర్చుకునేవారికైనా మొదటిది ముందు వస్తుంది, రెండవది దానంతట అది రాదు, దానికి పలికే సాధన వేరుగా కావాలి. ఈ ఆట మొదటిదాన్ని బాగానే చేస్తుంది. స్టోర్‌లో మాట ఇచ్చింది రెండవదాని గురించి.

ఆ తరువాతి ఒక అప్‌డేట్‌లో మైక్ ఆట చేర్చారు: బొమ్మ చూసి పదం పలికితే పిట్ట ఎగురుతుంది. దీన్ని పరీక్షించాలనుకునే తల్లిదండ్రులకు నా సలహా ఒక్కటే, మీరే కావాలని తప్పు పదం పలికి చూడండి. నేను పిల్లి బొమ్మకు ‘క్యాట్’ బదులు ‘క్యాప్’ అన్నాను, పిట్ట ఎగిరింది. ‘టేబుల్’ అన్నప్పుడు మాత్రం కదలలేదు. చిన్నపిల్లల గొంతును గుర్తించడం యంత్రాలకు పెద్దల గొంతుకంటే కష్టం కనుక, పిల్లలు నిరాశపడకూడదని గుర్తింపును బాగా సడలించి ఉంటారని నా అంచనా. ఆ సడలింపును నేను తప్పుపట్టను. అయితే ఆ పిట్ట ఎగరడాన్ని ఉచ్చారణ సరిగా ఉందనడానికి గుర్తుగా తీసుకోకూడదు.

‘రోజుకు 10 నిమిషాలు చాలు’ అన్న రెండవ వాక్యంతో నాకు పెద్ద పేచీ లేదు. ఒక పాఠం ఆ వ్యవధిలోనే ముగుస్తుంది, నిన్నటి పదాలు నేడు మళ్లీ వస్తాయి, ఆ పునశ్చరణ క్రమం చక్కగా ఉంది. ఎంత నేర్చుకోవడానికి చాలు అన్నది మాత్రం చెప్పలేదు, ఆ నిమిషాలు గడిచాక ఆట తనంతట తాను ఆగదు కూడా. ఆపే పని పెద్దలదే.

‘ప్రకటనలు లేవు’ అన్నది నిజమే, వేరే సంస్థల ప్రకటన ఇంతకాలంలో ఒక్కటి కూడా మాకు కనిపించలేదు. అయితే ఉచిత పాఠాలు రెండే. అవి అయిపోయాక ప్రతి పాఠం చివరా చందా కోరే తెర వస్తుంది. చదవడం రాని పిల్లకు అది తాళం వేసిన పెట్టెల వరుసలా కనిపిస్తుంది, అందులో ఒకదాన్ని తాకి ఏడుపు మొదలుపెడుతుంది. గూగుల్ ప్లేలో ఇన్‌స్టాల్ బటన్ దగ్గర యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయన్న చిన్న సూచన ఉంటుంది, యాపిల్ స్టోర్‌లోనూ అలాంటిదే ఉంటుంది. ఆ చిన్న సూచన చూడని తల్లిదండ్రులు ‘ప్రకటనలు లేవు’ అన్న మాటను మొత్తం ఉచితమన్నట్టు చదువుకుంటారు. రాసిన మాటలో అబద్ధం లేదు, ఆ స్థలంలో దాన్నే ఎంచుకుని చందా సంగతి వదిలేయడంలో మాత్రం లెక్క ఉంది.

ఐప్యాడ్‌కు మారాక అక్కడి ప్రచార వాక్యాన్ని తరచుగా చూసే అవకాశం కలిగింది. యాపిల్ స్టోర్‌లో దీనికి 170 క్యారెక్టర్ల వరకు ఇస్తారు. పూర్తి వివరణను మార్చాలంటే యాప్ కొత్త వెర్షన్‌తో పాటు పరిశీలనకు పంపాలి, ప్రచార వాక్యాన్ని మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. వెతుకులాటలో యాప్ ఎన్నో స్థానంలో కనిపిస్తుందన్నదానిపై దీని ప్రభావం ఉండదని యాపిల్ చెబుతుంది. కనుక ఇందులో వెతికే పదాలను కుక్కాల్సిన అవసరమే లేదు, కొత్త సంగతి ఏమిటో మనుషులకు చెప్పడానికే ఇది ఉంది. ఈ ఆటవారు అందులో రాసినదాని సారాంశం: కొత్త కథలు వచ్చాయి, మీ చిన్నారి ఇక తానే కథ చెబుతుంది, ఈ వారం చందా సగం ధరకే.

‘ఈ వారం’ అన్న మాట నెలల తరబడి అలాగే ఉంది. మేము చందా కట్టిన రోజున కూడా ఆ వాక్యం ఉంది, లోపల చూస్తే సగం ధర లేదు. క్షణంలో మార్చగలిగిన వాక్యాన్ని మార్చకుండా వదిలేయడం తీరిక లేకనా, వచ్చేవారు వస్తారనా అన్నది నేను చెప్పలేను. చదివేవారికి మాత్రం ఒక ఉపాయం ఉంది: ప్రచార వాక్యంలో గడువు ఉన్న మాట కనిపిస్తే, అదే పేజీలో కిందనున్న వెర్షన్ చరిత్రను తెరిచి చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో, అందులో ఆ కొత్త కథల ప్రస్తావన ఉందో లేదో చూడండి. మా విషయంలో ఆ కథలు అప్పటికి చాలా పాతవి. ఇక ‘తానే కథ చెబుతుంది’ అన్నదానికి లోపల ఉన్నది ఏమిటంటే, నాలుగు బొమ్మలను వరుసలో పెడితే గొంతు కథ చదివి వినిపించడం.

వయసు సంగతి రెండు చోట్లా లేదు, ఇది నాకు పెద్ద లోటుగా అనిపించింది. యాపిల్ స్టోర్‌లోని పిల్లల విభాగంలో 5 ఏళ్లు, ఆ లోపు; 6 నుంచి 8; 9 నుంచి 11 అని మూడు వయోవర్గాలు ఉన్నాయి. పిల్లల కోసమని చెప్పుకునే మాటలను ఆ విభాగంలో ఉన్న యాప్‌లు మాత్రమే వాడాలన్న నియమం కూడా ఉంది. ఈ ఆట మొదటి వర్గంలో ఉన్నా, మూడవ స్థాయి నుంచి తెర మీద పదాలను చదివి జతపరచాలి. చదవడం రాని పిల్ల అక్కడ ఆగిపోయింది, మేము పక్కన కూర్చుని చదివి వినిపించాల్సి వచ్చింది. మొదటి రెండు స్థాయిలకు ఆ అవసరం లేదు, మూడవదానికి ఉంది అన్న ఒక్క మాట ముందే తెలిసి ఉంటే చందా ఏడాదికి కాక నెలకు కట్టేవాళ్లం.

ఇరుకు స్థలంలో ఇవన్నీ ఎలా చెబుతారని ఎవరైనా అడగవచ్చు. మొదటి రెండు స్థాయిలను దృష్టిలో పెట్టుకుని నేను రాసి చూసిన సంక్షిప్త వివరణ ఇది:

4–7 ఏళ్ల వారికి ఇంగ్లిష్ పదాలు వినిపించి బొమ్మలతో ఆడించే ఆట. చదవడం రానక్కర్లేదు.

ఇది సరిగ్గా 80 క్యారెక్టర్లు. మూడవ స్థాయిలో కూడా పదాలను చదివి వినిపించే బటన్ పెడితేనే చివరి వాక్యం పూర్తిగా నిజమవుతుంది, లేదంటే దాన్ని తీసేయాలి. చందా సంగతికి ఇందులో చోటు చాలలేదు, కనుక అది ప్రచార వాక్యంలోకి వెళ్లింది:

కొత్త పాఠాలు: జంతువులు, రంగులు, వంటిల్లు. పదం విని బొమ్మ ఎంచుకోవడమే కాక, బొమ్మ చూసి పదం పలికే ఆట కూడా చేర్చాం. మొదటి 2 పాఠాలు ఉచితం; మిగిలినవాటికి చందా.

ఇది 170 లోపే ఉంటుంది. ఇందులో ఆశ్చర్యార్థకం లేదు, గడువు లేదు, మరిచిపోయి వదిలేసినా ఎవరినీ తప్పుదారి పట్టించదు. గూగుల్ ప్లేలో ప్రచార వాక్యం అన్న ప్రత్యేక స్థలం లేదు కనుక, అక్కడ చందా మాటను పూర్తి వివరణ మొదటి వరుసలోనే పెట్టాలి.

నా వరకు ఆటకు ఐదులో నాలుగు నక్షత్రాలు ఇస్తాను. విని అర్థం చేసుకోవడం మా అమ్మాయికి దీనివల్లే అలవడింది, చందాను కూడా నెలవారీగా మార్చుకుని కొనసాగిస్తున్నాం. స్టోర్‌లోని మాటలకు రెండే ఇస్తాను. ఇదే సంగతిని స్టోర్ సమీక్షలో రాశాక సగం ధర వాక్యాన్ని తొలగించారు. ‘మాట్లాడండి’ అన్నది మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.