"ఎప్పుడు ఖాళీ?" అని అడగడమా, మూడు టైములు పంపడమా?

తిరుపతిలో ఇంటీరియర్ పనులు చేస్తాను. కొలతలకు వెళ్లాలంటే ముందు "ఎప్పుడు ఖాళీ సార్?" అని మెసేజ్ పెట్టేవాణ్ణి. "చూసి చెప్తా" అని వచ్చేది, అంతే. ఆయన వారమంతా తిరగేసుకుని, ఇంట్లోవాళ్లను అడిగి చెప్పాలి మరి. ఆ పని నేనే ఆయన నెత్తిన పెట్టాను.

ఇప్పుడు ఇలా పంపుతాను: "మంగళవారం ఉదయం 10, బుధవారం సాయంత్రం 5, శనివారం 11. ఏది వీలు? గంట పడుతుంది. రేపు సాయంత్రం దాకా మూడూ మీకోసం ఆపుతాను." షాపు ఉన్న ఒక క్లయింట్ "శనివారం" అని ఒక్క మాటతో తేల్చేశారు.

మూడూ వేర్వేరు రోజులు కావాలి, అన్నీ ఒకే పూట కాకూడదు. మూడూ ఉదయాలే ఇస్తే, ఉదయం కుదరని మనిషికి ఒక్కటీ ఇవ్వనట్టే. పట్టింపు ఉన్నవాళ్లకు రాహుకాలం తప్పిస్తాను. శనివారం 9 నుంచి 10:30 కాబట్టే 11 అన్నాను.

కానీ అవే టైములు ఇద్దరికి పంపితే చిక్కే. జవాబు వచ్చేదాకా డైరీలో మూడూ పెన్సిల్‌తో రాసి ఉంచుతాను. మూడూ కుదరకపోతే "ఉదయమా, సాయంత్రమా?" అని మాత్రం అడిగి, మళ్లీ రెండు ఇస్తాను. ఊళ్లో లేని క్లయింట్‌కు మాత్రం పాత ప్రశ్నే నయం: "తిరుపతికి ఎప్పుడొస్తున్నారు?"