విదేశాల్లో సంగీతం సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పియానోనో వయొలినో నేర్చుకుంటున్న పిల్లలను బ్రిటన్‌లో సంగీత డిగ్రీకి పంపాలనుకుంటున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. మా అమ్మాయి పియానోలో ఎనిమిదో గ్రేడు పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ పిల్లలను విదేశాలకు పంపే ఒక కన్సల్టెన్సీకి లక్షా ఎనభై వేలు కట్టాం. ఆ డబ్బుతో పాటు ఒక విద్యా సంవత్సరం కూడా పోయింది.

జూన్‌లో డబ్బు కట్టిన రోజు, "గడువు జనవరిలో కదా, తొందరేమీ లేదు" అన్నారు. మామూలు డిగ్రీ కోర్సులకు ఆ మాట నిజమే. కానీ సంగీత కళాశాలల్లో చాలావాటికి, బ్రిటన్ డిగ్రీ దరఖాస్తులు తీసుకునే యూకాస్ అనే సంస్థలోనే 'కన్సర్వటోయర్స్' అని విడిగా ఒక దరఖాస్తు ఉంటుంది. సంగీతానికి దాని గడువు అక్టోబరు మొదట్లోనే ముగుస్తుంది. అక్కడి సాయంత్రం ఆరు గంటలంటే మనకు రాత్రి పదిన్నర. ముఖ్యమైన ఆడిషన్లు నవంబరు, డిసెంబరు నెలల్లో జరిగిపోతాయి. అదే దరఖాస్తులో నృత్యం, నాటకం కోర్సులు చాలావాటికి జనవరి దాకా సమయం ఉంటుంది. అందుకే జనవరి అనే మాట వినగానే నమ్మబుద్ధి వేస్తుంది. లండన్‌లోని గిల్డ్‌హాల్ స్కూలు ఈ పద్ధతిలో లేదు, దానికి నేరుగా దరఖాస్తు పెట్టాలి. మా కన్సల్టెంటుకు ఇవేవీ తెలియవు.

తెలియదని ముందే పసిగట్టే గుర్తు ఒకటి ఉంది. ఈ దరఖాస్తుకు రెండు సిఫారసులు కావాలి. ఒకటి చదువు గురించి, రెండోది వాయించడం గురించి. సెప్టెంబరు వచ్చినా పియానో మాస్టారి వివరాలు ఎవరూ అడగలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

చివరికి జనవరిలో దరఖాస్తు పంపారు. గడువు దాటాక ఖాళీలుంటేనే చూస్తారు. పియానోకు పోటీ ఎక్కువ కాబట్టి నాలుగు కళాశాలలు సీట్లు లేవన్నాయి. ఒక్క కళాశాల మాత్రం రికార్డింగ్ పంపమంది. రెండో దెబ్బ అక్కడే తగిలింది.

బాఖ్ ప్రెల్యూడ్, ఫ్యూగ్, బెతోవెన్ సొనాటా ఓపస్ 10 మూడోది, దానిలో మొదటి భాగం, ఇంట్లోనే చిత్రీకరించాం. ఒక్కో రచన మొదటి నుంచి చివరి దాకా కోత లేకుండా ఉండాలనీ, చేతులూ ముఖమూ కనిపించాలనీ కళాశాల స్పష్టంగా రాసింది. రచనకూ రచనకూ మధ్య ఆపవచ్చు, రచన లోపల ఆపకూడదు. కన్సల్టెన్సీవాళ్లు మాత్రం "నాణ్యత పెంచుతాం" అని మూడు టేకులూ తీసుకున్నారు. మొదటి టేకులో సగాన్నీ, మూడో టేకులో సగాన్నీ అతికించారు. గదిలో లేని ప్రతిధ్వని కూడా కలిపారు.

నేను ఆ వీడియోను ఏప్రిల్‌లో చూశాను. అమ్మాయి వెనుక గోడ గడియారం నాలుగుంపావు దగ్గర ఉంది. ఒక్క స్వరం మారేసరికి నాలుగున్నర అయిపోయింది. పెడల్ మీద మోగుతూ ఉండాల్సిన నాదం అక్కడే టక్కున తెగిపోయింది. నాకే తెలిసినప్పుడు జీవితమంతా పియానో విన్న పరీక్షకులకు తెలియకుండా ఉంటుందా? కోత లేని రికార్డింగ్ పంపమని కళాశాల వారం గడువిచ్చి మెయిల్ పెట్టింది. ఆ మెయిల్ కన్సల్టెన్సీ ఈమెయిల్‌కు వెళ్లింది, ఎందుకంటే దరఖాస్తు వాళ్ల చిరునామాతోనే తెరిచారు. అది మాకు చేరేసరికి ఆ వారం ఎప్పుడో దాటిపోయింది.

"వంద శాతం స్కాలర్‌షిప్ గ్యారంటీ" అన్న మాట గురించి కూడా చెప్పాలి. అక్కడి కళాశాలల స్కాలర్‌షిప్పులు ఎక్కువగా ఆడిషన్‌లో ఎలా వాయించారో చూసి ఇస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మిగిలేది చాలా తక్కువ. అమెరికాలోని కర్టిస్ సంగీత సంస్థలో అందరికీ ట్యూషన్ ఉచితమని ఆశ పెట్టారు. అది నిజమే, కానీ ఆ సంస్థ మొత్తంలో ఉండేదే 150 మందికి కాస్త అటూ ఇటూ. ఆడిషన్‌కు ముందు స్కాలర్‌షిప్‌కు హామీ ఇచ్చే అధికారం ఏ మధ్యవర్తికీ లేదు.

డబ్బు వెనక్కి అడిగితే, రసీదులో 'కౌన్సెలింగ్ రుసుము' అని రాసి ఉందనీ, సీటు ఇప్పిస్తామని ఎక్కడా లేదనీ చూపించారు. ఆ లక్షా ఎనభై వేలలో డెబ్బై వేలు ఆడిషన్ ఫీజులని తీసుకున్నారు. ఏ కళాశాలకు ఎంత కట్టారో రసీదులు ఇంతవరకు చూపలేదు. మీరైతే ఆ ఫీజులు మీ సొంత కార్డుతో కట్టండి, యూకాస్ ఖాతాను మీ అమ్మాయి లేదా అబ్బాయి సొంత ఈమెయిల్‌తోనే తెరవండి. ఫీజు ఎంతో, ఏ రచనలు వాయించాలో ప్రతి కళాశాల తన వెబ్‌సైట్‌లోనే రాస్తుంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

ఈ ఏడాది అమ్మాయే దరఖాస్తు నింపుతోంది. మొన్న ఆదివారం మళ్లీ చిత్రీకరించాం. ఒకే కెమెరా, ఎక్కడా కోత లేదు. సొనాటా చివరి పేజీలో ఒక స్వరం జారింది. మాస్టారు విని, అలాగే పంపమన్నారు.