40 పైసల చిల్లర: గ్రీడీయా, డైనమిక్ ప్రోగ్రామింగా?

ఒక మొత్తాన్ని వీలైనంత తక్కువ బిళ్ళలతో ఇచ్చే చిల్లర లెక్క గురించి చదివినప్పుడల్లా 1, 3, 4 అనే ఊహాజనిత నాణేలే ఉదాహరణగా కనిపిస్తాయి. నిజానికి అలాంటి వింత వరస మన దేశంలోనే చాలాకాలం చలామణీ అయింది. 1968లో 20 పైసల బిళ్ళ వచ్చింది. పావలా అప్పటికే ఉంది. దాంతో 1, 2, 5, 10, 20, 25, 50 పైసలు ఒకేసారి వాడుకలో ఉన్నాయి (3 పైసల బిళ్ళను పక్కన పెడదాం). ఆ 20, 25 పక్కపక్కన ఉండటమే గొడవ.

షాపులో చిల్లర ఇచ్చే మనిషి సహజంగా చేసేదే గ్రీడీ పద్ధతి: సరిపోయే వాటిలో అతి పెద్ద బిళ్ళ తియ్యి, మిగిలినదానికి మళ్ళీ అదే చెయ్యి. 40 పైసలకు పావలా తీస్తాడు, 15 మిగులుతుంది. పది తీస్తాడు, ఐదు తీస్తాడు. మొత్తం మూడు బిళ్ళలు. కానీ రెండు ఇరవైలు ఇచ్చేస్తే సరిపోయేది. పావలా తీసిన క్షణంలోనే తప్పు జరిగిపోయింది. గ్రీడీకి వెనక్కి వెళ్ళే అలవాటు లేదు కాబట్టి ఆ తప్పు దిద్దుకోలేదు.

డైనమిక్ ప్రోగ్రామింగ్ ఏ బిళ్ళనూ ముందే నమ్మదు. 1 పైసా నుంచి మొదలుపెట్టి ప్రతి మొత్తానికీ కనీసం ఎన్ని బిళ్ళలు కావాలో పట్టికలో రాసుకుంటూ పోతుంది. 40 దగ్గరికి వచ్చేసరికి అంతకు ముందువన్నీ తెలిసే ఉంటాయి. చివరి బిళ్ళ పావలా అయితే మిగిలిన 15కి రెండు కావాలి, మొత్తం మూడు. చివరిది పది అయితే 30కి రెండు, మళ్ళీ మూడే. ఐదు అయితే 35కి రెండు, అదీ మూడే. చివరిది ఇరవై అయితే 20కి ఒకటి చాలు, మొత్తం రెండు. చిన్న బిళ్ళలతో ఇంకా ఎక్కువే అవుతాయి. వీటిలో తక్కువది రెండు, అదే జవాబు.

```python
def min_coins(x, coins):
    f = [0] + [x + 1] * x
    for a in range(1, x + 1):
        for c in coins:
            if c <= a:
                f[a] = min(f[a], f[a - c] + 1)
    return f[x]
```

(జవాబు `x + 1` వస్తే ఆ నాణేలతో ఆ మొత్తం ఇవ్వడం కుదరదని అర్థం.)

గ్రీడీ తప్పుతో ఇబ్బంది ఏమిటంటే, అది సులువుగా దొరకదు. ఈ ఏడు నాణేలతో రూపాయి లోపల గ్రీడీ తప్పేది 40 నుంచి 44 వరకు, 90 నుంచి 94 వరకు మాత్రమే. 30, 65, 85 పెట్టి టెస్ట్ చేసినవాడికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. పైగా ప్రోగ్రామ్ ఆగిపోదు, ఎర్రర్ చూపించదు. మొత్తం కూడా సరిగ్గానే ఉంటుంది, ఒక బిళ్ళ ఎక్కువ వస్తుందంతే.

అయితే ఎంతవరకు వెతకాలో తెలుసు. నాణేల్లో 1 ఉండి, గ్రీడీ ఎక్కడైనా తప్పేటట్టయితే, మొదటి తప్పు అన్నిటికన్నా పెద్ద రెండు నాణేల మొత్తం లోపే బయటపడుతుందని 1994లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు కోజెన్, జాక్స్ నిరూపించారు. ఇక్కడ 50, 25 కలిపితే 75. కాబట్టి 74 వరకు రెండు పద్ధతులూ నడిపి పోల్చండి. ఎక్కడా తేడా రాకపోతే ఆ నాణేలకు గ్రీడీని ఎంత మొత్తానికైనా ధైర్యంగా వాడుకోవచ్చు. ఇప్పటి 1, 2, 5, 10, 20, 50, 100, 200, 500 రూపాయల వరస అలాంటిదే. దానికి పట్టిక కట్టడం నా దృష్టిలో దండగ పని.

ఖర్చులోనూ తేడా ఉంది. గ్రీడీకి ఒక్కో నాణేనికి ఒక్క భాగాహారం చాలు. డైనమిక్ ప్రోగ్రామింగ్‌లో పట్టిక పొడవు మొత్తం విలువంత ఉంటుంది. లక్ష రూపాయలను పైసల్లో రాస్తే కోటి గళ్ళు, ఒక్కో గడికి ఏడు నాణేలు చూడాలి. కానీ అంత పని అవసరం లేదు. 50 కన్నా చిన్న బిళ్ళలు యాభై ఉంటే, వాటిలో కొన్నిటి మొత్తం కచ్చితంగా 50తో భాగింపబడుతుంది. వాటిని అర్ధరూపాయిలుగా మారిస్తే బిళ్ళలు తగ్గుతాయి. అంటే మంచి జవాబులో చిన్న బిళ్ళలు 49 మించవు, అన్నీ పావలాలే అనుకున్నా 1,225 పైసలే. కాబట్టి మిగిలేది 1,225కి తగ్గకుండా అర్ధరూపాయిలు తీసేసి, మిగిలిన 1,225–1,274కే పట్టిక కడితే చాలు. ఏ వరస వస్తుందో ముందే తెలియని ప్రోగ్రామ్‌కి నేను ఎంచుకునేది ఇదే.

గల్లాపెట్టెలో పావలాలు, ఇరవైలు తప్ప ఏమీ లేకపోతే గ్రీడీ మరీ ఇబ్బంది పెడుతుంది. 40కి పావలా తీసి, 15 ఇవ్వలేక “చిల్లర లేదు” అంటుంది. పై కోడ్ రెండు ఇరవైలు ఇస్తుంది. కానీ పెట్టెలో ఇరవై ఒక్కటే ఉంటే ఆ కోడ్ కూడా లేని బిళ్ళను లెక్కలో వేసుకుంటుంది, ఎందుకంటే ప్రతి నాణెం కావలసినన్ని ఉన్నాయనే దాని లెక్క. నిల్వ పరిమితంగా ఉంటే పెట్టెలోని ఒక్కో బిళ్ళనూ విడిగా తీసుకుని, దానికి పట్టికను పై నుంచి కిందికి ఒక్కసారే నింపాలి. అప్పుడు ఏ బిళ్ళా రెండుసార్లు వాడుకలోకి రాదు.