ఏజెన్సీకి పాస్‌వర్డ్ ఇవ్వాలా, యాక్సెస్ ఇవ్వాలా: ఏది మేలు?

మార్కెటింగ్ ఏజెన్సీతో మాట ఖాయమైన మర్నాడే ఒక మెసేజ్ వస్తుంది: "సార్, మీ పేజీ ఐడీ, పాస్‌వర్డ్ పంపితే పని మొదలుపెట్టేస్తాం." చాలామంది అక్కడికక్కడే టైప్ చేసి పంపేస్తారు. ఫేస్‌బుక్ విషయంలో ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. ఫేస్‌బుక్ పేజీకి దానికంటూ పాస్‌వర్డ్ ఉండదు. పేజీని నడిపేది యజమాని సొంత ప్రొఫైల్. కాబట్టి మీరు పంపేది పేజీ పాస్‌వర్డ్ కాదు, మీ సొంత ఖాతా పాస్‌వర్డ్. మీ చుట్టాలతో, స్నేహితులతో మాట్లాడుకున్న మెసెంజర్ సంభాషణలు, ఫేస్‌బుక్‌తో లాగిన్ అయిన ఇతర యాప్‌లు, ప్రకటనల కోసం సేవ్ చేసిన కార్డు, అన్నీ దాని వెనకాలే ఉంటాయి. పైగా పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వకూడదని ఫేస్‌బుక్ నిబంధనల్లోనే ఉంది.

అయినా పాస్‌వర్డ్ ఇవ్వడంలో ఒక సౌకర్యం ఉన్న మాట నిజం. ఒక్క నిమిషంలో పని అయిపోతుంది, యజమాని ఏ సెట్టింగ్సూ తెరవక్కర్లేదు. ఆ సౌకర్యం ఎంతకాలం నిలుస్తుందో నాకు తెలిసిన ఒకాయన విషయంలో చూశాను. ఆయనది ఫర్నిచర్ తయారీ. ఆర్డర్లలో చాలావరకు పేజీకి వచ్చే మెసేజ్‌ల ద్వారానే వచ్చేవి.

మొదటి వారంలోనే ఓటీపీ గొడవ మొదలైంది. ఏజెన్సీ వాళ్ళు లాగిన్ అయినప్పుడల్లా కోడ్ ఈయన ఫోన్‌కి వచ్చేది. రాత్రి పదింటికి ఫోన్ చేసి "సార్, కోడ్ చెప్పండి" అనేవారు. నాలుగు రోజులకి విసుగొచ్చి, వాళ్ళ సలహా మీదే ఆ కోడ్ అడిగే టూ ఫ్యాక్టర్ సెట్టింగ్ తీసేశారు. ఆ తర్వాత అదే లాగిన్‌ని ఏజెన్సీలో ముగ్గురు మూడు చోట్ల నుంచి వాడారు. ఫేస్‌బుక్ కంటికి అది దొంగ లాగిన్‌లాగే కనబడుతుంది. ఖాతా లాక్ అయింది, గుర్తింపు పత్రం అడిగింది. పేజీకి ఆ ప్రొఫైల్ ఒక్కటే ఆధారం. అది తెరుచుకునేదాకా కస్టమర్ల మెసేజ్‌లకి జవాబు ఇచ్చేవాళ్ళు లేరు. ఒక పాత ధరల పోస్టు ఎవరు పెట్టారని అడిగితే ముగ్గురూ నేను కాదన్నారు. అన్నీ ఈయన పేరు మీదే జరిగాయి కాబట్టి తేల్చుకునే దారి లేకపోయింది.

అసలు దెబ్బ విడిపోయాక తెలిసింది. ఒప్పందం అయిపోగానే ఆయన పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచీ లాగౌట్ చేశారు. ఇక్కడితో సరిపోయిందనుకున్నారు. కొన్నాళ్ళకి నేను పక్కన కూర్చుని పేజీ సెట్టింగ్స్‌లో Page access తెరిస్తే, ఆయనది కాక పూర్తి యాక్సెస్ ఉన్న ఇంకో రెండు ప్రొఫైళ్ళు కనబడ్డాయి. ఒకటి ఏజెన్సీ మేనేజర్‌ది. రెండోది అక్కడ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన కుర్రాడిది. ఆ లాక్ తీశాక, పాస్‌వర్డ్ ఇంకా చేతిలో ఉన్న రోజుల్లో తమ పని సులువు కోసం వాళ్ళే తమని చేర్చుకున్నారు. పాస్‌వర్డ్ మారిస్తే ఈ పేర్లు పోవు. పూర్తి యాక్సెస్ ఉన్నవాళ్ళు యజమానినే తీసేయగలరు, పేజీని డిలీట్ కూడా చేయగలరు. వాళ్ళకి ఆ ఆలోచన రాలేదు కాబట్టి ఆయన పేజీ ఆయనకి మిగిలింది.

ఇప్పుడు రెండో దారి, పాస్‌వర్డ్ ఇవ్వకుండా యాక్సెస్ ఇవ్వడం. ఇందులోనూ రెండు రకాలున్నాయి. ఏజెన్సీలో పనిచేసే మనిషి ప్రొఫైల్‌ని నేరుగా పేజీకి చేర్చుకోవడం ఒకటి. ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సర్ అయితే ఇది చాలు. నలుగురైదుగురు మారుతూ ఉండే సంస్థ అయితే ఎవరు చేరారో ఎవరు మానేశారో మీరే గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది. రెండోది మెటా బిజినెస్ పోర్ట్‌ఫోలియో ద్వారా, అంటే వ్యాపారం తాలూకు పేజీలూ ప్రకటనల ఖాతాలూ ఒకేచోట పెట్టుకునే ఫేస్‌బుక్ ఏర్పాటు ద్వారా, ఏజెన్సీ సంస్థనే పార్ట్‌నర్‌గా చేర్చడం. నా ఓటు దీనికే.

చేసే పని పెద్దది కాదు. ముందు మీ పేరు మీద పోర్ట్‌ఫోలియో తెరిచి మీ పేజీని అందులో చేర్చండి. తర్వాత business.facebook.com లో సెట్టింగ్స్‌కి వెళ్ళి Partners తెరవండి. ఏజెన్సీని పాస్‌వర్డ్‌కి బదులు వాళ్ళ బిజినెస్ ఐడీ అడగండి. అది ఒక పొడవాటి నంబర్, వాళ్ళ సెట్టింగ్స్‌లో Business info దగ్గర ఉంటుంది. ఆ నంబర్ ఇచ్చి, మీ పేజీని ఎంచుకుంటే ఒక్కో పనికి ఒక్కో స్విచ్ కనబడుతుంది: పోస్టులు, కామెంట్లు, మెసేజ్‌లు, ప్రకటనలు, గణాంకాలు. ఒప్పందంలో ఏ పని రాసుకున్నారో ఆ స్విచ్‌లే వేయండి. కస్టమర్లకి జవాబులు మీరే ఇస్తుంటే మెసేజ్‌ల స్విచ్ వేయాల్సిన పని లేదు. అందులో జనం ఫోన్ నంబర్లూ అడ్రస్‌లూ ఉంటాయి. Full control అన్నది మాత్రం ఏ ఏజెన్సీకీ ఇవ్వకండి. పోస్టులకీ ప్రకటనలకీ దానితో అవసరం లేదు.

ఇక్కడ ఒక చోట జాగ్రత్తగా ఉండాలి. కొన్ని ఏజెన్సీలు "మీకెందుకు శ్రమ, మీ పేజీని మా పోర్ట్‌ఫోలియోలో పెట్టేస్తాం" అంటాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక పేజీ ఒక్క పోర్ట్‌ఫోలియోకే సొంతంగా ఉండగలదు. వాళ్ళది అయిపోయాక, విడిపోయే రోజున మీ పేజీ కోసం మీరే వాళ్ళని అడుక్కోవాలి. వాళ్ళ నుంచి రిక్వెస్ట్ వస్తే ఒప్పుకునే ముందు అది పేజీని వాడుకోవడానికి అడుగుతోందా, సొంతం చేసుకోవడానికి అడుగుతోందా చదవండి. ప్రకటనల ఖాతా సంగతీ ఇంతే. మీ పేరు మీద మీరే తెరిచి, ప్రచారాలు నడిపేంత అనుమతి ఇచ్చి, మొత్తం ఖర్చుకి పరిమితి పెట్టండి. వాళ్ళ ఖాతాలో నడిస్తే, ఏ ప్రకటన పనిచేసిందో చెప్పే చరిత్ర అంతా వాళ్ళతోనే వెళ్ళిపోతుంది.

పార్ట్‌నర్ యాక్సెస్‌తో అన్ని భయాలూ పోవు. పోస్టుల అనుమతి ఉన్నవాళ్ళు తప్పు పోస్టు పెట్టగలరు. ఏజెన్సీ ఉద్యోగి ఖాతా హ్యాక్ అయితే ఆ దొంగకీ అవే స్విచ్‌లు దొరుకుతాయి. నష్టం ఆ స్విచ్‌ల వరకే ఆగుతుంది, అంతే. ఏజెన్సీ లోపల ఏ మనిషికి పని అప్పగిస్తారన్నది కూడా వాళ్ళ ఇష్టమే.

ఇన్‌స్టాగ్రామ్ దగ్గర మాత్రం ఏజెన్సీ వాళ్ళ ఇబ్బంది నిజమైనదే. దానికి సొంత పాస్‌వర్డ్ ఉంటుంది. ప్రొఫెషనల్ ఖాతాగా మార్చి పోర్ట్‌ఫోలియోకి కలిపితే పాస్‌వర్డ్ లేకుండానే, పేజీల పనులు చూసుకునే మెటా టూల్ అయిన బిజినెస్ సూట్ నుంచి పోస్ట్ చేయొచ్చు. కానీ ఫోన్ యాప్‌లో దొరికే కొన్ని పాటలు, స్టోరీ స్టిక్కర్లు అక్కడ ఉండవు. అందుకే లాగిన్ అడుగుతారు. అలాంటి రీల్స్‌ని వాళ్ళు తయారుచేసి పంపితే మీ ఫోన్‌లోంచి మీరే పెట్టండి. వారానికి ఒకటో రెండో ఉంటాయి, ఆ శ్రమ పడొచ్చు.

ఆ ఫర్నిచర్ ఆయన తర్వాతి ఏజెన్సీకి పార్ట్‌నర్ యాక్సెస్ ఇచ్చారు. టూ ఫ్యాక్టర్ మళ్ళీ పెట్టుకున్నారు. తన ప్రొఫైల్ మళ్ళీ లాక్ అయినా పేజీ అనాథ కాకుండా, ఇంట్లో వాళ్ళ అబ్బాయికి కూడా పూర్తి యాక్సెస్ ఇచ్చారు. ఏడాది తిరిగాక ఆ ఏజెన్సీతోనూ ఒప్పందం ముగిసింది. ఆ సాయంత్రం Partners లో వాళ్ళ పేరు దగ్గర Remove నొక్కి, Page access జాబితా ఒకసారి చూసుకున్నారు. అందులో రెండే పేర్లున్నాయి, ఆయనదీ అబ్బాయిదీ.