టీవీ రిమోట్ పనిచేయకపోతే తప్పు ఎవరిది? మా ఇంటి రిమోట్‌పై దీర్ఘకాల సమీక్ష

మా హాల్లో ఉన్నది 43 అంగుళాల మామూలు ఎల్ఈడీ టీవీ. దాంతోపాటు డబ్బాలో వచ్చిన రిమోట్ గురించే ఈ సమీక్ష. మాట్లాడితే వినే రకం కాదు, పూర్తిగా ఇన్‌ఫ్రారెడ్ అనే కంటికి కనిపించని వెలుగు మీద నడిచే పాత తరహా రిమోట్. టీవీ కొనేటప్పుడు రిమోట్ ఎలా ఉందో ఎవరూ చూడరు. రోజూ చేతిలో ఉండేది మాత్రం అదే. ఇన్నేళ్ళలో టీవీ వైపు నుంచి మాకు వచ్చిన ఇబ్బంది తక్కువ. "రిమోట్ పనిచేయట్లేదు" అన్న మాట మాత్రం ఇంట్లో చాలాసార్లు వినిపించింది. ఒక్కోసారి ఒక్కో కారణం.

ముందు మంచి సంగతులు. అరచేతిలో చక్కగా ఇముడుతుంది. బటన్ల మధ్య ఎడం ఉంది కాబట్టి కళ్ళజోడు లేకుండా మా అత్తయ్య కూడా తడుముకుని చానెల్ మార్చేస్తారు. ఎన్నోసార్లు సోఫా మీంచి కింద పడింది, ఏమీ కాలేదు. ఇక నచ్చనివి: వాల్యూమ్, పవర్ బటన్ల మీద అక్షరాలు త్వరగా చెరిగిపోయాయి. సెల్స్ మూతకున్న సన్నటి ప్లాస్టిక్ కొక్కెం విరిగింది, ఇప్పుడు దాన్ని రబ్బరు బ్యాండు పట్టుకుని ఉంది. ఈ కొక్కెం చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ, మూత వదులైతే సెల్స్ కదులుతాయి, సెల్స్ కదిలితే రిమోట్ ఆగిపోతుంది.

రిమోట్ ఆగిపోగానే అందరం చేసేది ఒకటే, అరచేతిలో వేసి రెండు దెబ్బలు కొట్టడం. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. దెబ్బకు లోపల సెల్స్ కొద్దిగా జరిగి, కొనలకు పట్టిన సన్నని మకిలి పొర చోటు మారి, కరెంటుకు మళ్ళీ దారి దొరుకుతుంది. కాబట్టి కొట్టాక పనిచేసిందంటే గుర్తు పెట్టుకోవాల్సింది ఇది: సెల్స్‌లో ఇంకా కాస్త ప్రాణం ఉంది, అసలు గొడవ స్ప్రింగుల దగ్గర. మూత తీసి సెల్స్‌ని ఉన్నచోటే వేలితో నాలుగైదు చుట్లు తిప్పితే, కొట్టాల్సిన పని లేకుండానే అదే ఫలితం వస్తుంది.

సెల్స్ అయిపోతున్నాయా లేదా తెలుసుకోవడానికి మీటరు ఉంటే మంచిదే. సన్న సెల్ కొత్తదైతే ఒకటిన్నర వోల్టు, లేదా కాస్త పైన చూపిస్తుంది. ఒకటిన్నరకు బాగా తగ్గి 1.2 దగ్గర ఉంటే మార్చేయడమే. కాకపోతే పనిలో లేనప్పుడు సెల్ మీటరు మీద బాగానే కనిపించి, బటన్ నొక్కిన క్షణంలో చతికిలపడొచ్చు. అందుకే మీటరు కన్నా నేను నమ్మేది దూరాన్ని. టీవీకి మూరెడు దూరంలో పనిచేసి, సోఫా దగ్గర్నుంచి పనిచేయకపోతే ముందు సెల్స్‌నే అనుమానిస్తాను. గోడ గడియారంలో నడుస్తున్న సెల్ తెచ్చి పరీక్షించడం మాత్రం దండగ. గడియారంలో వేసేది సాధారణంగా కొంచెం లావు సెల్, అది ఇందులో పట్టదు. పట్టినా, గడియారానికి కావాల్సిన కరెంటు అతి స్వల్పం, నీరసించిన సెల్‌తో కూడా నెలల తరబడి నడుస్తుంది.

మార్చేటప్పుడు రెండూ ఒకేసారి మార్చాలి. ఒక పాతది, ఒక కొత్తది వేస్తే పాతది పూర్తిగా అడుగంటి కారడం మొదలుపెడుతుంది. మాకు ఒక వేసవిలో అదే జరిగింది. ఊరెళ్ళి వచ్చేసరికి మైనస్ వైపు స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి, అంచుల్లో కాస్త ఆకుపచ్చ. ఆల్కలైన్ సెల్ కారితే వచ్చే ఆ తెల్ల పొడి క్షార గుణం ఉన్నది. దాని మీద చెవి పుల్ల చివర నిమ్మరసమో వెనిగరో కొద్దిగా అద్ది రుద్దితే సన్నగా నురగ వచ్చి కరుగుతుంది. ఆ తర్వాత తడి గుడ్డ, ఆ పైన స్పిరిట్, పూర్తిగా ఆరాకే సెల్స్. వట్టి మకిలే అయితే పెన్సిల్ రబ్బరుతో రుద్దితే చాలు. గరుకు కాగితం పెట్టి గీకితే తళతళా మెరుస్తుంది గానీ, పైనున్న పూత పోతుంది, రెండు నెలల్లో తుప్పు తిరిగొస్తుంది. ఆ పొడిని చేత్తో ముట్టుకుని కళ్ళు నులుముకోకూడదని పిల్లలకు చెప్పాలి.

సెల్స్ కొత్తవి, స్ప్రింగులు శుభ్రం, అయినా పనిచేయదు. ఇక్కడే ఫోన్ కెమెరా పనికొస్తుంది. మన కంటికి ఇంచుమించు 700 నానోమీటర్ల దాకా ఉన్న ఎరుపే కనిపిస్తుంది. రిమోట్ ముక్కు దగ్గరున్న చిన్న బల్బు వెలుగు 940 దగ్గర ఉంటుంది, అది మనకు చీకటితో సమానం. కెమెరా సెన్సార్ దాన్ని పట్టగలదు. అయితే చాలా ఫోన్లలో వెనక కెమెరాకు ఆ వెలుగును ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది, ముందున్న సెల్ఫీ కెమెరాకు చాలాసార్లు కాస్త పలచగా ఉంటుంది. అందుకే సెల్ఫీ కెమెరా తెరిచి, లైటు ఆపేసి, బల్బును లెన్స్ వైపు తిప్పి వాల్యూమ్ బటన్ పట్టి ఉంచాలి. స్క్రీన్ మీద ఊదా కలిసిన తెల్లటి చుక్క మిణుకుమంటే రిమోట్ వెలుగు పంపుతోందన్నమాట.

ఈ పరీక్షకు ముందు ఇంకో చిన్న పని ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. సెట్‌టాప్ బాక్సు రిమోటో మరొకటో, బాగా పనిచేస్తున్నదాన్ని ముందు ఆ కెమెరాకు చూపించాలి. దానికీ చుక్క రాకపోతే ఆ ఫోన్ ఈ పరీక్షకు పనికిరాదని అర్థం, రిమోట్ గురించి అది ఏమీ చెప్పలేదు. ఏసీ రిమోట్‌తో చూస్తే కాస్త జాగ్రత్త, అది బటన్ నొక్కినప్పుడు ఒక్కసారే సందేశం పంపి ఊరుకుంటుంది కాబట్టి రెప్పపాటులో మాయమవుతుంది.

కెమెరా చెప్పేది కూడా ఒక మేరకే. వెలుగు వస్తోందని చెబుతుంది, అది సరైన సందేశమని చెప్పదు. నీరసించిన సెల్స్‌తో కూడా చుక్క కనిపిస్తుంది, అది హాలు దాటి టీవీ దాకా వెళ్ళేంత బలంగా ఉందో లేదో అందులో తెలియదు. మైకు బటన్ ఉన్న స్మార్ట్ రిమోట్ల సంగతి వేరే. వాటిలో చాలా మటుకు బ్లూటూత్ మీద నడుస్తాయి, కొన్నింటిలో పవర్ బటన్ ఒక్కటే ఇన్‌ఫ్రారెడ్. మిగతా బటన్లకు చుక్క రాలేదని దాన్ని పారేయకూడదు, టీవీతో మళ్ళీ జత చేసి చూడాలి.

మా ఇంట్లో ఎక్కువ టెన్షన్ పెట్టిన సంగతి దీని తర్వాతే మొదలైంది. కెమెరాలో చుక్క నిక్షేపంగా వస్తోంది, సెల్స్ కొత్తవి, టీవీ మాత్రం పలకదు. పిలిచిన మెకానిక్ చూసీ చూడగానే "సెన్సార్ పోయింది, బోర్డు దించాలి" అన్నాడు. కానీ సోఫా మీంచి లేచి నిలబడి, చేయి ఎత్తి నొక్కితే పనిచేసేది. కూర్చుని నొక్కితే పనిచేసేది కాదు. సెన్సార్ పోతే నిలబడినా కూర్చున్నా ఒకటే కావాలి కదా. తేడా ఎత్తులో ఉందంటే మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టే.

టీవీ కింది అంచున, చిన్న ఎర్ర లైటు పక్కనే నల్లటి ప్లాస్టిక్ కిటికీ ఒకటి ఉంటుంది. చూడ్డానికి అటూ ఇటూ కనిపించని నలుపు, ఇన్‌ఫ్రారెడ్‌కు మాత్రం పారదర్శకమైన గాజు పలక లాంటిది. ఆ లోపలే సెన్సార్ ఉంటుంది. చీకట్లో టార్చి ఏటవాలుగా వేస్తే దాని జాడ తెలుస్తుంది. సరిగ్గా ఆ కిటికీ ముందు మేం కొత్తగా కొన్న సౌండ్‌బార్ నిలబడి ఉంది. టేబుల్ కన్నా రెండు వేళ్ళ ఎత్తు, కిటికీ మొత్తం దాని వెనక. దాన్ని ముందుకు జరిపి, టీవీ కాళ్ళ కింద చిన్న చెక్క ముక్కలు పెట్టి కాస్త ఎత్తు చేశాం. అంతే, సోఫా నుంచే పనిచేసింది. మెకానిక్‌కు విజిటింగ్ చార్జీ ఇచ్చి పంపాం.

ఆ కిటికీ ముందు ఇంకా ఏమేం వస్తాయో ఇంటింటికీ తెలుసు. పండక్కి కట్టిన పూలదండ అంచు, కొన్నప్పటి నుంచి తీయని కంపెనీ స్టిక్కర్, పిల్లలు బంతి విసురుతారని తెర ముందు బిగించిన పారదర్శక ప్లాస్టిక్ మీది దుమ్ము. కనిపించని అడ్డం ఇంకొకటి, ఎండ. మాది పడమటి కిటికీ, సాయంత్రం ఎండ నేరుగా టీవీ అంచున పడే వేళ రిమోట్ బండబారిపోతుంది, కర్టెన్ వేస్తే బాగవుతుంది. సూర్యుడి వెలుగులోనూ ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, దాని హోరులో రిమోట్ చెప్పేది సెన్సార్‌కు వినపడదు. రోజూ ఒకే వేళకు ఆగిపోతున్న రిమోట్‌ను విప్పే ముందు ఇది చూసుకోవాలి.

బటన్ నొక్కినప్పుడు టీవీ ఎర్ర లైటు కొద్దిగా మిణుకుమంటోందా అన్నది కూడా గమనించదగ్గదే. చాలా టీవీల్లో అలా మిణుకుమంటే సందేశం అందిందని అర్థం. అందినా టీవీ కదలకపోతే రిమోట్‌ను వదిలేసి టీవీని గోడ స్విచ్ దగ్గర ఆపి, నిమిషం ఆగి వేయాలి. దానికీ లొంగకపోతే అది నిజంగా మెకానిక్ పని.

ఒక్క బటన్ మొండికేయడం మూడో రకం. మాకు ఇది పవర్ బటన్‌తో వచ్చింది. కెమెరాలో వాల్యూమ్‌కు చుక్క వస్తుంది, పవర్‌కు రాదు, బాగా అదిమితే వస్తుంది. సెల్స్ గదిలో ఉన్న మర విప్పి, చుట్టూ అతుకులో పాత ఏటీఎం కార్డు దూర్చి తెరిచాను. రబ్బరు షీటు వెనక ఒక్కో బటన్ కింద నల్లటి కార్బన్ చుక్క, బోర్డు మీద దానికి ఎదురుగా దువ్వెన పళ్ళలా రాగి గీతలు. వాటి మధ్య తేనెలా జిగట పొర పట్టి ఉంది. బోర్డును స్పిరిట్‌తో తుడిచి, రబ్బరును సబ్బు నీళ్ళలో కడిగి నీడన ఆరబెడితే సరిపోయింది. గోళ్ళ రంగు తీసే ద్రవం మాత్రం ముట్టించొద్దు, ప్లాస్టిక్‌ను తినేస్తుంది.

ఇదే జిగటతో బటన్ లోపలికి నొక్కుకుని ఉండిపోతే లక్షణాలు వేరు. కెమెరాలో ఏ బటన్ నొక్కకుండానే చుక్క మిణుకుతూ ఉంటుంది, కొత్త సెల్స్ వారంలో ఖాళీ. అదీ కాక, ఆ వెలుగు గదిలో ఉన్నంతసేపూ పక్కన సెట్‌టాప్ బాక్సు రిమోట్ కూడా సరిగ్గా పనిచేయదు. రెండు రిమోట్లూ ఒకేసారి పాడయ్యాయనిపిస్తే సోఫా దిండు కింద ఏదైనా రిమోట్ నలుగుతోందేమో చూడండి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన మార్కులు మూత కొక్కేనికి, చెరిగిన అక్షరాలకు. బజారులో రెండు మూడు వందలకు దొరికే డూప్లికేట్ కూడా ఒకటి కొని పెట్టుకున్నాను. దూరం నుంచి బాగానే పనిచేస్తుంది. కాకపోతే టీవీ మోడల్ నంబరు చెప్పి, కుదిరితే పాత రిమోట్ చేతిలో పట్టుకెళ్ళి బటన్లు సరిచూసుకునే కొనాలి. మాదాంట్లో సోర్స్ మార్చే బటన్ మీద పేరు ఒకటి, అది చేసే పని ఇంకొకటి.