కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? పాత బాకీలు రెండుసార్లు ఎక్కకుండా చూసుకోండి

కర్నూలులో మాది ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు. ఏప్రిల్ 1 నుంచి కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారాం. పాత బాకీలన్నీ మేమే ఎక్కిస్తామని అమ్మినవాళ్లు అంటే నమ్మి వదిలేశాను, అక్కడే దెబ్బ తిన్నాను.

మే మొదటి వారంలో ఆదోని పార్టీకి స్టేట్‌మెంట్ పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "ఏందన్నా ఇది, నేనిచ్చేది 59,000 కదా, 1,77,000 చూపిస్తాంది?" లెడ్జర్ తీసి చూస్తే అతను చెప్పిందే నిజం. బిల్లు 1,18,000, ఫిబ్రవరిలో సగం కట్టేశాడు, మిగిలింది 59,000. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ 59,000ను ఓపెనింగ్ బ్యాలెన్స్‌గా వేసి, దానిమీద అదే బిల్లును ఎక్సెల్ నుంచి పూర్తి మొత్తంతో ఏప్రిల్ 1 తేదీన కొత్త సేల్‌గా ఎక్కించారు.

ఒక్క పార్టీకే కాదు, అందరికీ అంతే. మార్చి 31 నాటికి మాకు రావాల్సింది 7,08,000 అయితే కొత్త దాంట్లో 14,75,000 కనిపించింది. అంతకన్నా భయపెట్టింది జీఎస్టీ. పోయిన ఏడాదే పన్ను కట్టేసిన బిల్లులు ఏప్రిల్ అమ్మకాల్లో కలిసి, అమ్మకం 6,50,000, పన్ను 1,17,000 ఎక్కువ చూపించింది. 11వ తేదీన GSTR-1 అలాగే వెళ్లిపోయుంటే ఎంత టెన్షనో ఆలోచించండి. వాళ్ల మనిషేమో క్రెడిట్ నోట్లు వేసేద్దాం అన్నాడు. అస్సలు ఒప్పుకోకండి, అవి కూడా రిటర్న్‌లోకే పోతాయి. రిటర్న్ ఇంకా వేయలేదు కాబట్టి ఆ ఎంట్రీలను తీసేయించాను.

సరైన పద్ధతి ఇది. పార్టీ లెడ్జర్‌లో ఓపెనింగ్ బ్యాలెన్స్ కిందే బిల్లువారీగా పాత నంబరు, పాత తేదీ, ఇంకా రావాల్సిన మొత్తం మాత్రమే వేయాలి, పన్ను విడిగా వేయకూడదు, ఎందుకంటే ఆ 59,000లో పన్ను కలిసే ఉంది. తేదీ పాతదే ఉండాలి, లేకపోతే ఆరు నెలల బాకీ కూడా నిన్నటి బిల్లులా కనబడి ఎవర్ని ముందు అడగాలో తెలియదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఇన్‌వాయిస్‌గానే వేయాల్సి వస్తుంది, అప్పుడు రెండో వైపు సేల్స్ ఖాతాకు కాకుండా ఓపెనింగ్ బ్యాలెన్స్ సర్దుబాటు ఖాతాకు పోవాలి. ఈ బిల్లుల మొత్తమే కస్టమర్ల బాకీ అవుతుంది, ట్రయల్ బ్యాలెన్స్ నుంచి ఆ మొత్తాన్ని మళ్లీ విడిగా వేయనివ్వకండి. మిగతా ఖాతాల ఓపెనింగ్‌లు కూడా పడ్డాక సర్దుబాటు ఖాతా సున్నాకు రావాలి.

చివరి విడత డబ్బు ఇచ్చేముందు మార్చి 31 నాటి బాకీల పట్టీని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఒక్కో పార్టీని సరిచూడండి, ఏప్రిల్ జీఎస్టీ సమ్మరీలో ఒక్క పాత బిల్లు నంబరు కనిపించినా అక్కడే ఆపేయండి. మేం సరిచేయించాక కూడా మొదటిసారి 7,67,000 వచ్చింది. తేడా సరిగ్గా 59,000, ఆదోని పార్టీ ఫిబ్రవరిలో కట్టిన డబ్బే, బిల్లును మళ్లీ పూర్తి మొత్తంతో వేశారు.